ఆయాసం లేదు, ఆక్సిజన్ మాత్రం 87: లోపం ఎక్కడుంది?

ప్రశ్న: మా నాన్నకు 61 ఏళ్లు. వారం నుంచి జ్వరం, దగ్గు ఉన్నాయి. కుడి ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా ఉందని ఎక్స్‌రే చూసి చెప్పారు. ఆక్సీమీటర్‌లో 87 చూపిస్తోంది. ధమని రక్త పరీక్షలో ఆక్సిజన్ 54, కార్బన్ డయాక్సైడ్ 36 వచ్చాయి. ఆయనేమో మామూలుగా మాట్లాడుతున్నారు, అన్నం తింటున్నారు, ఆయాసం లేదంటున్నారు. ఊపిరి బాగానే ఆడుతుంటే ఆక్సిజన్ ఎందుకు తగ్గింది? ఆక్సిజన్ పెట్టించడం అవసరమా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: అవసరమే. ఆయనను ఆస్పత్రిలోనే ఉంచి ఈ రోజే ఆక్సిజన్ పెట్టించండి, ఆయాసం వచ్చేదాకా ఆగవద్దు.

ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లడం ఒక పని, ఆ గాలి చేరిన చోటికే రక్తం చేరడం మరో పని. మొదటిదాన్ని వెంటిలేషన్ అని, రెండోదాన్ని పెర్ఫ్యూజన్ అని అంటాం. న్యుమోనియా వచ్చిన భాగంలోని గాలి గదులు చీముతో, నీటితో సగం నిండి ఉంటాయి కాబట్టి అక్కడికి గాలి సరిగా పోదు, కానీ రక్తం మాత్రం పోతూనే ఉంటుంది. గాలి అందని చోట రక్తనాళాలు కొంత ముడుచుకుని రక్తాన్ని మంచి భాగం వైపు మళ్లిస్తాయి గానీ, వాపు ఉన్నప్పుడు ఆ ఏర్పాటు సరిగా పనిచేయదు. ఈ పొంతన లేకపోవడమే వెంటిలేషన్-పెర్ఫ్యూజన్ మిస్‌మ్యాచ్.

మిగిలిన మంచి భాగం ఎక్కువ పనిచేసి లోటు తీర్చవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. మన ఎనుమాముల మార్కెట్‌నే తీసుకోండి. ఒక షెడ్డు దగ్గర హమాలీలు నిండుగా ఉన్నారు, వచ్చిన ప్రతి లారీ దాదాపు పూర్తిగా నిండుతోంది. ఇంకో షెడ్డు దగ్గర హమాలీలు లేక లారీలు సగం ఖాళీగానే వెళ్లిపోతున్నాయి. మొదటి షెడ్డుకు ఇంకో యాభై మందిని పంపినా నిండిన లారీలో ఇంకో బస్తా పట్టదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ లారీ లాంటిది. వందలో 60 వంతుల రక్తం మంచి భాగం నుంచి 97 శాతం నిండి, మిగిలిన 40 వంతులు జబ్బు భాగం నుంచి 72 శాతం నిండి వచ్చి కలిశాయనుకోండి, సగటు 87 అవుతుంది. మీ నాన్నగారు ఎంత గట్టిగా ఊపిరి తీసినా 97 కాస్తా 99 అవుతుంది, సగటు 88 దగ్గరే ఆగిపోతుంది.

కార్బన్ డయాక్సైడ్ సంగతి వేరు. దానికి ఇలాంటి పరిమితి లేదు, మంచి భాగంలో ఊపిరి కొంచెం పెరిగితే అక్కడి నుంచి అదనంగా బయటికి పోతుంది. అందుకే అది 36 దగ్గర నిలిచింది. ఊపిరి వేగాన్ని నిర్ణయించే మెదడు కేంద్రం ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్‌నే గమనిస్తుంది. ధమని రక్త పరీక్షలో కనిపించే ఆక్సిజన్ ఒత్తిడి 60 కంటే బాగా తగ్గితేనే ఆ లోటు హెచ్చరిక బలపడుతుంది, వయసు పైబడినవారిలో ఆ స్పందన ఇంకా మందకొడిగా ఉంటుంది. ఆయాసం లేదన్న మాటను అందువల్ల నేను పూర్తిగా నమ్మను. ఒకసారి ఆయనకు తెలియకుండా నిమిషం పాటు ఛాతీ కదలికలు లెక్కపెట్టండి, 22, 24 వచ్చినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

మీరు పంపిన అంకెలే అసలు సాక్ష్యం. ఊపిరి చాలక ఆక్సిజన్ తగ్గి ఉంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉండాలి. అది 36 ఉన్నప్పుడు గాలి గదుల్లో ఆక్సిజన్ ఒత్తిడి దాదాపు 100 ఉంటుంది, రక్తంలో 54 మాత్రమే ఉంది. ఈ వయసులో తేడా 20 లోపు ఉండాల్సింది, ఇక్కడ 46 ఉంది. అంటే గదుల దాకా వచ్చిన ఆక్సిజన్ రక్తంలోకి పూర్తిగా చేరడం లేదు. గోరింటాకు, చల్లని వేలు ఆక్సీమీటర్‌ను పక్కదారి పట్టిస్తాయి గానీ, ధమని రక్త పరీక్షను కాదు.

ఆక్సిజన్ పెట్టగానే ఏమవుతుందో గమనించండి. ముక్కులో గొట్టంతో నిమిషానికి రెండు, మూడు లీటర్లకే ఆక్సీమీటర్ అంకె 94కు చేరితే, సగం మూసుకున్న గదుల్లోకి చిక్కటి ఆక్సిజన్ చేరి అక్కడి రక్తం కూడా నిండుతోందని అర్థం. మాస్కుతో పది, పదిహేను లీటర్లిచ్చినా 90 దాటకపోతే, ఆ గదులు పూర్తిగా మూసుకుపోయి రక్తం గాలిని తాకకుండానే దాటిపోతోంది. దాన్ని షంట్ అంటారు, అప్పుడు ఐసీయూ కావాలి. ఆయనకు ఏళ్ల తరబడి బీడీ అలవాటు గానీ, పాత ఉబ్బసం గానీ ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారికి ఆక్సిజన్ మరీ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పెరగవచ్చు కాబట్టి, ఆక్సీమీటర్ అంకెను 88 నుంచి 92 మధ్య ఉంచుతాం.

పడుకునే తీరు కూడా ఇక్కడ ముఖ్యం. రక్తం సహజంగా కింది వైపున్న ఊపిరితిత్తికి ఎక్కువగా చేరుతుంది. జబ్బు కుడివైపు కాబట్టి, దగ్గులో రక్తం పడటం లేదని, ఊపిరితిత్తిలో చీముగడ్డ లేదని డాక్టరు నిర్ధారించాక ఆయనను ఎడమవైపు ఒరిగించి, ఆక్సీమీటర్‌ను పది నిమిషాలు చూడండి. చాలామందిలో రెండు, మూడు అంకెలు పెరుగుతాయి. కుడివైపు తిరిగితే అంతే తగ్గవచ్చు.

- ఛాతీ వైద్య నిపుణుడు, వరంగల్