ఐఈఎల్‌టీఎస్ వ్యాసానికి మనమే మార్కులు వేసుకుంటే లోపం ఎక్కడుందో తెలుస్తుందా?

“రైటింగ్‌లో రెండుసార్లూ 6.5 దగ్గరే ఆగిపోయాను. గ్రామర్ వల్లేనా? ఏ బ్యాండ్‌కి రాత ఎలా ఉండాలో చెప్పే బ్యాండ్ డిస్క్రిప్టర్లు చూసి నా వ్యాసం నేనే దిద్దుకోవచ్చా?”

దిద్దుకోవచ్చు. నేనూ గ్రామరే అనుకుని రెండు నెలలు దాని మీదే కూర్చున్నాను. నన్ను ఆపింది టాస్క్ రెస్పాన్స్, అంటే అడిగిన ప్రశ్నకు ఎంత నిండుగా జవాబిచ్చామన్నది.

వ్యాసం రాసే టాస్క్ 2లో నాలుగు అంశాలకు సమానంగా బ్యాండ్ వేస్తారు: టాస్క్ రెస్పాన్స్, ఆలోచనల పొందికను చూసే కొహీరెన్స్, పదజాలం, గ్రామర్. రెండింటికి 6, రెండింటికి 7 వస్తే సగటు 6.5. అందుకే మొత్తం వ్యాసం “ఎలా ఉంది” అని కాకుండా ఒక్కో అంశానికి విడిగా చదవాలి. నేను రాసిన వ్యాసాన్ని మూడు రోజులు పక్కన పెట్టి, డిస్క్రిప్టర్లలో 6, 7 బ్యాండ్ల వరుసలు మాత్రమే ముందు పెట్టుకుని కూర్చున్నాను. 7 వేయాలంటే దానికి రుజువైన వాక్యం కింద గీత గీయాలి. గీత పడకపోతే 6.

నా ప్రశ్న: నగరాల్లో బస్సులు అందరికీ ఉచితం చేయాలా, ఎంతవరకు ఒప్పుకుంటారు? మొదటి పేరాలో ట్రాఫిక్ తగ్గుతుంది, కాలుష్యం తగ్గుతుంది, పేదలకు మేలు అని మూడు పాయింట్లు, ఒక్కో దానికి ఒక్కో వాక్యం రాశాను. ఒక పాయింట్ తర్వాతి వాక్యం దాన్ని వివరిస్తోందా, కొత్త పాయింట్ ఎత్తుకుంటోందా అని చూశాను. మూడు చోట్లా వివరణ లేదు. 7కి ప్రధాన ఆలోచనలను విస్తరించి, ఆధారాలతో నిలబెట్టాలి. సంబంధం ఉన్నా కొన్నింటికి తగిన వివరణ లేకపోతే 6. పైగా మొదట్లో పూర్తిగా ఒప్పుకుంటున్నానని రాసి, చివర్లో “ప్రభుత్వమే నిర్ణయించాలి” అన్నాను. ముగింపు అస్పష్టంగా ఉండటం కూడా 6 లక్షణమే.

గ్రామర్‌కి తప్పులేని వాక్యాలు లెక్కపెట్టాను: 15లో 9. 7కి తప్పులేని వాక్యాలు తరచుగా ఉండాలి కాబట్టి 7 వేసుకున్నాను. ఈ ఒక్క అంశంలో మాత్రం మన లెక్క పూర్తిగా నమ్మకండి. తెలుగులో ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ లేవు కాబట్టి అవి ఎక్కడ పోయాయో మన కంటికి ఆనవు. ఆఫీసులో ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒకావిడకు చూపిస్తే ఇంకో రెండు వాక్యాల్లో తప్పులు దొరికాయి. అప్పుడు 7 కాస్త అనుమానంలో పడింది. పాయింట్‌కి వివరణ ఉందా లేదా అన్నది మాత్రం ఎవరి సాయం లేకుండా మనకే కనిపిస్తుంది.

ఒక్క వ్యాసంతో తేల్చేయకండి. నేను మూడు దిద్దుకుంటే మూడింటిలోనూ టాస్క్ రెస్పాన్స్‌కి 6 వచ్చింది. అప్పుడు కొత్తవి రాయడం ఆపేసి, ఆ బస్సుల పేరానే తిరగరాశాను. పేదల పాయింట్ ఒక్కటే ఉంచి, రోజూ రెండు బస్సులు మారి పనికి వెళ్లే కూలీకి నెలాఖరులో మిగిలే డబ్బు ఏ ఖర్చుకు పనికొస్తుందో నాలుగు వాక్యాల్లో చెప్పాను. మిగతా రెండు పాయింట్లూ తీసేశాను.