రంగు చూసి కట్లపామని తేల్చకు

చిరంజీవి మేనల్లుడికి,

పొదలకూరు నుంచి మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు పంపిన రెండు ఫోటోలనూ పొద్దున్నే కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. ఒకటి నిమ్మతోటలో మోటారు గది గడప దగ్గర తీసింది, ఇంకొకటి మీ ఇంటి కిటికీ రెక్క మీద తీసింది. మొదటిది బూడిద రంగులో ఉంది కాబట్టి విషం లేనిదనీ, రెండోది నల్లగా తెల్లకట్లతో ఉంది కాబట్టి కట్లపామనీ రాశావు. రెండూ తారుమారయ్యాయి.

నిన్ను తప్పుపట్టను. ఇరవై ఏళ్ల కిందట నేనూ ఇలాగే పప్పులో కాలేశాను. కుబుసం విడవబోయే కట్లపామును లాంతరు వెలుగులో చూసి, మసకగా నీలిబూడిద రంగులో ఉందని, ఏమీ చేయదులే అన్నాను. కుబుసం విడిచే ముందు రోజుల్లో పాత చర్మం కింద కొత్తది తయారవుతుంది కాబట్టి పాము ఒళ్లంతా మసకబారుతుంది. దుమ్ము పట్టినా, ఫోను ఫ్లాష్ దగ్గరగా పడినా నలుపు గోధుమరంగుగా తేలిపోతుంది. వెలుగు తగ్గితే గోధుమరంగే నల్లగా కనిపిస్తుంది. నీ కిటికీ పాముకు జరిగింది అదే. పొలుసుల అమరిక మాత్రం పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా మారదు. కుబుసం విడిచినా అదే లెక్క, అదే ఆకారం.

ఇప్పుడు మోటారు గది ఫోటో తెరువు. తల వదిలేసి నడుము దగ్గర వీపు మధ్యభాగాన్ని పెద్దది చేసి చూడు. వెన్ను మీదుగా ఒకే వరుసలో పొలుసులు పరిచినట్టు ఉన్నాయి కదా? ఒక్కొక్కటీ ఆరు మూలలతో ఉంది, పక్క వరుసల్లోని వాటికంటే స్పష్టంగా పెద్దది. కట్లపాముకు ఇదే గట్టి గుర్తు. తర్వాత కట్లు చూడు. మెడ నుంచి ఒక జానెడు దూరం దాదాపు ఏమీ లేదు, అక్కడక్కడా తెల్లచుక్కలే. ఆ తర్వాత సన్నని గీతలు జంటలు జంటలుగా మొదలై, తోక వైపు వెళ్లేకొద్దీ తేటపడ్డాయి.

కిటికీ ఫోటోలో వెన్ను వరుస ఎక్కడుందో వెతికినా దొరకదు. అక్కడి పొలుసులు పక్కవాటంతే ఉన్నాయి. కట్లేమో మెడ దగ్గరే వెడల్పుగా, కొట్టొచ్చినట్టుగా మొదలై, పక్కలకు దిగేటప్పుడు చీలి, తోక దగ్గరికి వచ్చేసరికి చెరిగిపోయాయి. పుస్తకాల్లో దీన్ని తోడేలు పాము అంటారు. ముందు పళ్లు పెద్దవిగా ఉండటం వల్ల ఆ పేరు. పట్టుకుంటే గట్టిగా కరుస్తుంది గానీ విషం లేదు. బల్లుల కోసం గోడలు, కిటికీలు ఎక్కడం దాని అలవాటు. పాపం, కట్లపాము పోలికే దాని ప్రాణం మీదికి తెస్తుంది.

వెన్ను పొలుసు ఒక్కదాన్నే పట్టుకుని తీర్పు చెప్పకు. చెట్ల మీద తిరిగే సన్నపాటి పాములు కొన్నింటికీ వెన్ను వరుస పెద్దదిగానే ఉంటుంది. వాటికి ఈ కట్లు ఉండవు. పిల్ల కట్లపాముకు మెడ దగ్గర నుంచే కట్లు కనిపించవచ్చు, అప్పుడు కట్లు మోసం చేస్తాయి, పొలుసు కాపాడుతుంది. కాబట్టి రెండింటినీ కలిపి చూడాలి, తేడా వస్తే పొలుసు మాట వినాలి.

ఎవరైనా ఫోటో పంపితే మామూలుగా కాకుండా వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమను. లేకపోతే బొమ్మ నలిగిపోయి పొలుసులన్నీ ముద్దగా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి తీయమని మాత్రం ఎవరికీ చెప్పకు. రెండు మూడు మీటర్ల దూరం నుంచి జూమ్ చేసి తీసింది చాలు. కట్లపాము తోక అడుగున పొలుసులు ఒంటి వరుసగా, తోడేలు పాముకు జంట వరుసగా ఉంటాయన్నది నిజమే. అది చూద్దామని పామును తిరగేయాలనుకుంటే మాత్రం నేను ఒప్పుకోను. చచ్చిన పాము తల కూడా కాసేపటి దాకా కరవగలదు. వీపు సరిగా కనిపించని ఫోటోకు నీ జవాబు ఒకటే: ‘విషపుదే అనుకుని దూరంగా ఉండండి.’

మనిషిని కరిచాక వచ్చే ఫోటో సంగతి వేరు. దాని ముందు కూర్చోకు, 108కి ఫోను చేయించు. కట్లపాము రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి, వాపు పెద్దగా ఉండవు, గాటు కనపడకపోనూవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలిపోతుంటే అనుమానించాలి. మన దగ్గర ఆసుపత్రుల్లో ఇచ్చే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర నాలుగింటికీ కలిపి చేసిందే. డాక్టరు చూసేది రోగి లక్షణాలను, నీ ఫోటోను కాదు.

మోటారు గదిలో పడుకునే కూలీలకు ఈ రాత్రే మంచాలు వేయించి, దోమతెరలు కట్టించి, అంచులు పరుపు కిందికి దోపమని చెప్పు. ఆ పాము ఇంకా అక్కడే ఉంటుంది.

మామయ్య