టీవీ స్టాండ్ గోడను వదులుతోందా? లావు బోల్ట్ వేయించకండి

"హన్మకొండలో కొత్త ఫ్లాట్ తీసుకున్నాం. 55 అంగుళాల టీవీని ముందుకు లాగి పక్కకు తిప్పుకునే స్టాండ్ మీద పెట్టించాం. మూడు నెలలకే పైన ఉన్న రెండు స్క్రూలు గోడలోంచి బయటికి జరిగాయి. బిగించిన అబ్బాయి ఇంకా లావు బోల్ట్ వేస్తే ఆగుతుందంటున్నాడు. వేయించమంటారా?" – ఒక పాఠకురాలు, హన్మకొండ

వేయించొద్దు. ముందు ఈ రోజే టీవీని దించి కింద పెట్టండి. స్క్రూ కొంచెం జరిగిందంటే లోపల పట్టు కొంత ఇప్పటికే పోయింది. మిగతాది ఎప్పుడు పోతుందో బయటికి కనిపించదు. ఆ టీవీ కింద పిల్లలు ఆడుకుంటారన్నదే నాకున్న పెద్ద భయం.

ఇలాంటి ఉత్తరాలు కొత్త అపార్ట్‌మెంట్ల నుంచే ఎక్కువ వస్తున్నాయి. మీ గోడ బహుశా లోపల బోలుగా ఉండే సిమెంట్ ఇటుకలతో, అంటే హాలో బ్రిక్స్‌తో కట్టిందే అయ్యుంటుంది. పాత రంధ్రాన్ని చూస్తే తెలుస్తుంది. డ్రిల్ కాసేపు గట్టిగా దిగి, తర్వాత ఒక్కసారి లోపలికి జారిపోయిందేమో ఆ అబ్బాయినే అడగండి. అలా జారితే అక్కడ బోలు ఉన్నట్టే. ఈ ఇటుకలో బోలుకు ముందుండే పెంకు మందం ఇంచుమించు 25 నుంచి 30 ఎంఎం ఉంటుంది. దాని మీద 15 ఎంఎం దాకా గిలాబు. గిలాబు బరువు మోయదు, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

స్టాండ్ ప్యాకెట్లో వచ్చే ప్లాస్టిక్ గిట్టీ సాధారణంగా 40, 50 ఎంఎం పొడవుంటుంది. స్క్రూ దిగినప్పుడు అది విచ్చుకుని చుట్టూ ఉన్న గోడను ఒత్తాలి. ఆ ఒత్తిడే దాని పట్టు. హాలో బ్రిక్‌లో విచ్చుకోవాల్సిన కొన భాగం బోలులోకి వెళ్లిపోతుంది. ఒత్తడానికి అక్కడ ఏమీ లేదు. మెడ దగ్గర కొద్దిగా పట్టుకుని, టీవీని కదిలించిన ప్రతిసారీ కొంచెం కొంచెం జారుతుంది.

ఇక లావు బోల్ట్ సంగతి. షాపుల్లో ఫాస్టనర్ అని అడిగి తెచ్చే ఇనుప యాంకర్ బోల్ట్ పని చేసేది కూడా ఒత్తిడితోనే, ఇంకా ఎక్కువ ఒత్తిడితో. కాంక్రీట్‌లో అది అద్భుతంగా పట్టుకుంటుంది. 25 ఎంఎం ఇటుక పెంకులో దాన్ని స్పానర్‌తో బిగిస్తే పెంకే పగిలిపోతుంది. రంధ్రంలో అగ్గిపుల్లలు కుక్కి పాత స్క్రూనే తిప్పడం ఇంకా ప్రమాదం. రెండు రోజులు గట్టిగా అనిపించి, మూడో రోజు నమ్మి టీవీని లాగుతారు.

మీ స్టాండ్ మీద పడే బలం చూడండి. టీవీ 18 కిలోలు అనుకుందాం. స్టాండ్ చేయిని పూర్తిగా ముందుకు లాగితే బరువు గోడకు 45 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. గోడ ప్లేటు అడుగు అంచు నుంచి పై స్క్రూల దాకా 20 సెంటీమీటర్లు. 18ని 45తో గుణించి 20తో భాగిస్తే దాదాపు 40 కిలోలు. పై రెండు స్క్రూలను గోడలోంచి బయటికి పీకే బలం అది. అదే టీవీని గోడకు ఆనుకుని ఉండే ఫ్లాట్ స్టాండ్ మీద పెడితే దూరం 6 సెంటీమీటర్లే, పీకే బలం 6 కిలోల లోపే. చేయి స్టాండ్ మీద ముందుకు లాగి ఉంచిన టీవీకి 20 కిలోల పిల్లాడు వేలాడితే 40 కాస్తా 85 అవుతుంది. టీవీ బరువు మారకపోయినా స్టాండ్ రకం మారితే గోడ మీద పని ఏడింతలు పెరిగిందన్న మాట.

ఈ లెక్క తెలిసి కూడా తయారీదార్లు ఫ్లాట్ స్టాండ్‌కీ, చేయి స్టాండ్‌కీ దాదాపు ఒకేలాంటి గిట్టీల ప్యాకెట్ ఇవ్వడం నాకు బాధ్యతారాహిత్యంగా అనిపిస్తుంది. డబ్బా మీద "50 కిలోల దాకా" అని రాస్తారు. అది ఇనుము మోసే బరువు, మీ గోడ మోసే బరువు కాదు. ఫ్లాట్ అమ్మేవాళ్లు కూడా ఏ గోడ ఏ ఇటుకతో కట్టామో, పిల్లర్లు ఎక్కడున్నాయో ఒక కాగితం మీద గీసి ఇవ్వాలి. ఆ కాగితం లేకే ఇంటింటా ఈ టెన్షన్.

మీకు రెండు దారులున్నాయి. తిప్పుకునే స్టాండే కావాలంటే టీవీని పిల్లర్ మీదికి మార్చండి. అక్కడ హ్యామర్ డ్రిల్‌తో రంధ్రం చేసి, 8 ఎంఎం యాంకర్ బోల్ట్ వేయొచ్చు. గిలాబు మందం పోగా కాంక్రీట్‌లో ఎంత లోతు దిగాలో బోల్ట్ ప్యాకెట్ మీద ఉంటుంది, దానికి తగ్గ పొడవు కొనండి. పిల్లర్ అంచుకు మూడు అంగుళాల లోపు వేయకండి, మూల ఊడిపోతుంది. తొమ్మిది అంగుళాల పిల్లర్ అయితే మధ్యలో మిగిలేది మూడు అంగుళాలే కాబట్టి సన్నటి గోడ ప్లేటు ఉన్న స్టాండే అక్కడ కుదురుతుంది. డ్రిల్‌కు ఇనుప చువ్వ తగిలితే దాన్ని కోయకుండా రంధ్రం పక్కకు జరపండి.

టీవీ అదే గోడ మీద ఉండాలంటే ఫ్లాట్ స్టాండ్‌కు మారి, కెమికల్ యాంకర్ వేయించండి. అంటే రంధ్రంలో జిగురులా గట్టిపడే రసాయనం నింపి, అందులో కడ్డీని నిలబెట్టడం. నేనైతే ఇదే చేస్తాను. పగిలిన పాత రంధ్రాలకు దూరంగా కొత్తవి చేయాలి. ఇక్కడ హ్యామర్ మోడ్ ఆపేసి, తిప్పుడు మీదే డ్రిల్ చేయాలి. లేకపోతే లోపలి వైపు పెంకు పెచ్చులుగా రాలుతుంది. దుమ్ము ఊదేసి, ప్లాస్టిక్ జాలీ గొట్టం దూర్చాలి. ట్యూబ్‌లోంచి వచ్చే రెండు రంగుల రసాయనాలు ఒకే రంగులోకి కలిసేదాకా మొదట వచ్చినదాన్ని పారేసి, గొట్టాన్ని లోపలి చివర నుంచి నింపాలి. తర్వాత మరల కడ్డీని తిప్పుతూ దించాలి. రసాయనం జాలీలోంచి బోలులోకి ఉబ్బి, పెంకు వెనుక గుండీలా గట్టిపడుతుంది. ఒత్తిడి మీద ఆధారపడదు కాబట్టి ఇటుక పగలదు. ఎంతసేపు ముట్టుకోకూడదో ట్యూబ్ మీద ఉష్ణోగ్రతల వారీగా రాసి ఉంటుంది. మన ఎండాకాలంలో త్వరగా బిగుస్తుంది, కాబట్టి ఒక రంధ్రం నింపిన వెంటనే కడ్డీ పెట్టాలి. అన్నీ నింపేసి తర్వాత చూద్దామంటే కుదరదు.

కార్పెంటర్ చేసిన ప్లైవుడ్ ప్యానల్ మీద టీవీ ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. 18 ఎంఎం ప్లైవుడ్‌లో స్టాండ్ స్క్రూలు బాగానే పట్టుకుంటాయి. ఆ ప్యానల్‌నే గోడకు పట్టించినవి నల్లటి సన్న స్క్రూలు, చిన్న గిట్టీలు అయితే మొత్తం ప్యానల్ టీవీతో సహా వస్తుంది. ఆ నల్ల స్క్రూలు జిప్సం బోర్డు కోసం చేసినవి. గట్టిగా ఉంటాయి కానీ పెళుసు, పక్కకు బలం పడితే వంగకుండా పుటుక్కున తెగుతాయి. స్టాండ్ బోల్టులు ప్యానల్ గుండా వెళ్లి గోడలోని యాంకర్‌లోనే దిగాలి. ప్యానల్‌కూ గోడకూ మధ్య ఖాళీ ఉంటే అక్కడ చెక్క ముక్క గట్టిగా పెట్టించండి, లేకపోతే బోల్ట్ ఆ ఖాళీలో వంగుతుంది.

స్క్రూల మీది పూత విషయానికొస్తే, హాల్లో మెరిసే జింక్ పూత చాలు. అదే స్క్రూతో బయట సీసీ కెమెరా బిగిస్తే ఆ పల్చటి పూత ఎక్కువ కాలం ఆగదు, నల్ల స్క్రూ ఇంకా ముందే తుప్పు పడుతుంది. బయట స్టెయిన్‌లెస్ స్టీలే వేయండి. అయస్కాంతం బలంగా పట్టుకుంటే అది చాలావరకు జింక్ పూత ఇనుమే అయ్యుంటుంది. పట్టుకోకపోయినా మంచి స్టెయిన్‌లెస్ అని చెప్పలేం, చవక రకాలూ పట్టుకోవు. బోల్ట్ తల మీద స్టెయిన్‌లెస్ రకాన్ని, బలాన్ని తెలిపే ఏ2-70 అని అచ్చు ఉందేమో చూసి కొనండి.