బ్లెండర్ రెండర్‌లో మెట్ల దగ్గర గ్లాస్ బ్లాక్ గోడ వెలగకుండా తెల్లగా పాలిపోతోంది, ఎందుకు?

అన్నా, గాజుకే Emission ఇచ్చినందుకు అలా అవుతోంది, అది తీసేసి లైటును గోడ వెనకాల, కాస్త దూరంగా పెట్టాలి. వెలుగుతున్నట్టు అనిపించేది ఎక్కువ తక్కువల తేడా వల్లే, గాజంతా ఒకే తీరుగా వెలిగితే కంటికి తెల్ల కాగితంలాగే కనబడుతుంది.

హనుమకొండలో ఒక ఇంటి మెట్లే అనుకోండి. 190 మి.మీ. బ్లాకులు, మధ్య 10 మి.మీ. సిమెంట్ జాయింటు, అడ్డంగా 5, నిలువుగా 10 పేరిస్తే సుమారు మీటరు వెడల్పు, రెండు మీటర్ల ఎత్తు వస్తుంది. వెనక అడుగు దూరంలో తెల్ల గోడ పెట్టి, ఆ సందులో కింద మాత్రమే సన్నటి లైటు పెట్టండి. వెలుగు కింద చిక్కగా, పైకి పోయేకొద్దీ పలచగా అవుతుంది, జాయింట్లు నల్ల గీతల్లా నిలబడతాయి. బ్లాకు లోపల బోలుగా ఉండాలి, నిండు గాజైతే బ్లాకు అంచుల్లో అలాంటి మెరుపు రాదు.

లైటు పెంచితే ఇంకా వెలుగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ తెలుపు హద్దు దాటాక రంగూ గీతలూ రెండూ పోతాయి. బ్లెండర్‌లో వెలుగు మోతాదును రంగుల్లో చూపే False Color పెట్టి చూస్తే గోడంతా తెల్లగా వచ్చిందంటే హద్దు దాటినట్టే, అప్పుడు లైటు తగ్గించి చుట్టూ ఉన్న మెట్లను ఇంకాస్త చీకటి చేయండి.