వైజాగ్‌లో తక్కువ తిరిగిన పాత కారా, ఎక్కువ తిరిగిన కొత్త కారా?

ప్రశ్న: "రెండు పెట్రోల్ కార్లు చూశాను. ఒకటి 2013 మోడల్, లాసన్స్ బే కాలనీలో ఉంది, 30 వేల కిలోమీటర్లే తిరిగింది. రెండోది 2018 మోడల్, గోపాలపట్నంలో ఉంది, 85 వేలు దాటింది, లక్ష ఎక్కువ చెప్తున్నారు. నమ్మకంగా నడవాలంటే వయసు చూడాలా, కిలోమీటర్లా?"

నేనైతే 2018 కారు వైపే మొగ్గుతాను. హైదరాబాద్‌లో అడిగి ఉంటే ఇంత గట్టిగా చెప్పేవాడిని కాదు. మన ఊళ్లో ఉప్పు గాలి మీటరు చూసి రాదు. కారు ఆగి ఉన్నా తుప్పు పని తుప్పు చేసుకుపోతుంది.

పెదవాల్తేరులో మా నాన్నగారి కారు ఎప్పుడూ ఆరుబయటే ఉండేది. బజారుకి, బ్యాంకుకి తప్ప తీసేవారు కాదు. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. ఇంజిన్ చివరిదాకా బాగానే ఉంది. పోయినవన్నీ చుట్టుపక్కలవే. ముందు ఏసీ కండెన్సర్ రెక్కలు పొడిపొడిగా రాలి గ్యాస్ లీకైంది, తర్వాత సైలెన్సర్ చిల్లు పడింది, ఆ తర్వాత బ్రేక్ పైపుకి తుప్పు పట్టింది. టైర్ల గాడులు లోతుగానే ఉన్నా రబ్బరు గట్టిపడి పక్కల పగుళ్లొచ్చాయి. కొద్ది దూరాలే తిరిగే కారులో ఇంకో చిక్కు ఉంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తాం కాబట్టి లోపలి తేమ ఆవిరై పోదు, ఆయిల్ త్వరగా పాడవుతుంది. అందుకే కిలోమీటర్లు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి. బ్రేక్ ఆయిల్ కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, దాన్ని సుమారు రెండేళ్లకోసారి మార్చాలి. తక్కువ తిరిగే కారుకి చాలామంది ఈ రెండూ చేయించరు.

తర్వాత నేను 78 వేలు తిరిగిన కారు కొన్నాను. ఓనర్ ఉద్యోగం మీద శ్రీకాకుళం, విజయనగరం హైవేలో తిరిగేవారు. హైవేలో ఇంజిన్ ఒకే వేడి మీద నడుస్తుంది, క్లచ్, బ్రేక్ వాడకం తక్కువ. కొన్న ఏడాదిలో సస్పెన్షన్ బుష్‌లు, క్లచ్ ప్లేట్ మార్పించాను. ఇవి ఖర్చే, కానీ ముందే ఊహించగలిగిన ఖర్చు. భాగం మారిస్తే సమస్య అక్కడితో పోతుంది. బాడీ తుప్పు అలా కాదు, టింకరింగ్ చేయించి పెయింట్ వేసినా లోపల నుంచి మళ్లీ వస్తుంది.

అయినా వయసు ఒక్కటే చూసి 2013 కారుని కొట్టిపారేయకండి. సెల్లార్‌లో పెట్టి, ఏటా సర్వీస్ చేయించి ఉంటే అది మంచి కారే కావచ్చు. తెలియాలంటే లిఫ్ట్ ఎక్కించాల్సిందే. కింద సస్పెన్షన్ బిగించే చోట్లు, జాకీ పెట్టే అంచులు, బ్రేక్ పైపులు చూడండి. డిక్కీలో కార్పెట్ ఎత్తి స్టెప్నీ గుంట చూడండి, తలుపుల కింది అంచులు వేలితో తడమండి. గోధుమరంగు పొడిలా పైపైన ఉంటే భయం లేదు. పెచ్చులుగా లేస్తున్నా, స్క్రూడ్రైవర్ పిడితో తడితే బోలుగా మోగినా వదిలేయండి. పాత కారుకి అడుగున కొత్తగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే ఎందుకు కొట్టించారో అడగాలి, కింద తుప్పు దాచి ఉండొచ్చు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 1419 అంటే 2019లో 14వ వారంలో తయారైంది. 30 వేలే తిరిగిన 2013 కారుకి మొదటి టైర్లే ఉంటే, వాటిని మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

2018 కారులో మొదట తేల్చుకోవాల్సింది ఆ 85 వేలు నిజమేనా అన్నది. సర్వీస్ బిల్లుల్లో తేదీతో పాటు కిలోమీటర్లు ఉంటాయి, అవి వరసగా పెరుగుతూ రావాలి. మధ్యలో తగ్గితే మీటరు తిప్పినట్టే. బిల్లులు చూపించలేకపోతే నేను చెప్పిన లెక్క వర్తించదు. తర్వాత సింహాచలం ఘాట్ లాంటి ఎత్తు మీద మూడో గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కండి. ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ అయిపోయినట్టు, ఆ ఖర్చు కూడా ధరలోంచి తగ్గించమనండి.

ఇంకోటి, ఆర్‌సీ 15 ఏళ్లే. 2013లో రిజిస్టర్ అయిన కారుకి 2028లో ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి. రెండో కారుకి ఆ పని 2033 దాకా లేదు. మీరు చెప్పిన లక్ష తేడాలో నా లెక్కన కొంత ఇక్కడే తిరిగొస్తుంది. 2018 కారు బిల్లులు సరిగ్గా ఉండి, అడుగు శుభ్రంగా ఉంటే బేరం మొదలుపెట్టండి.