గిడ్డంగి వాటా: బావమరిది లెక్క 7 శాతం, ఆడిటర్ లెక్క 15 శాతం

ప్రశ్న: మేడ్చల్ దగ్గర విత్తనాలు నిల్వ చేసే శీతల గిడ్డంగిలో వాటా కోసం మా బావమరిది 26 లక్షలు పెట్టమంటున్నాడు. ఒక విత్తనాల కంపెనీతో 8 ఏళ్ల లీజుకు మాటలు నడుస్తున్నాయి, రెండు మూడు నెలల్లో తేలుతుందట. కుదిరితే పన్ను పోను ఏటా నా వాటా 7 లక్షలు. కుదరకపోతే చిన్న వ్యాపారుల సరుకు మీద 2 లక్షలు. కుదిరే అవకాశం 80 శాతం అంటున్నారు. మొదటి 4 ఏళ్లు కంపెనీ ఖాళీ చేయడానికి వీల్లేదు. స్థలం అద్దెది కాబట్టి 8వ ఏడాది చివర యంత్రాలు బాగుచేయించి అంతా స్థలం యజమానికి అప్పగించాలి. ఆ ఖర్చులో నా వంతు 4 నుంచి 9 లక్షలు, సగటున 6 అనుకోవచ్చు. బావమరిది 7 శాతంతో లెక్కగట్టి 6 లక్షలకు పైగా లాభం అన్నాడు. ఆడిటర్ గారు 15 శాతంతో లెక్కగట్టి లక్ష నష్టం అన్నారు. ఎవరి లెక్క నమ్మాలి? (ఒక పాఠకుడు, మేడ్చల్)

జవాబు: కూడికల్లో ఇద్దరూ ఎక్కడా పొరబడలేదు. కానీ మీ గిడ్డంగిలో రిస్కు ఎక్కడుందో ఆ రెండు లెక్కల్లో ఏదీ పట్టించుకోలేదు. అందుకే ఇద్దరి జవాబూ మీకు పనికిరాదు.

ముందు ఇద్దరూ ఏం చేశారో చూద్దాం. 80 శాతం అవకాశంతో 7 లక్షలు, 20 శాతంతో 2 లక్షలు అంటే సగటున ఏటా 6 లక్షలు. మీ బావమరిది ఈ 6 లక్షలను ప్రభుత్వ బాండ్ల మీద వచ్చే 7 శాతం వడ్డీతో నేటి విలువకు తెచ్చారు, అంటే రాబోయే ఏళ్లలో వచ్చే డబ్బు ఈ రోజు చేతిలో ఉండే ఎంత డబ్బుతో సమానమో లెక్కగట్టారు. 8 ఏళ్ల రాబడి విలువ 35.8 లక్షలు, చివరి ఖర్చు విలువ 3.5 లక్షలు, మిగిలేది 32.3 లక్షలు. లీజు కుదరకపోవచ్చన్న భయానికి ఈ లెక్కలో ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ప్రభుత్వ బాండు మీద వచ్చే 6 లక్షలకూ, ఇంకా కుదరని లీజు మీద సగటున తేలే 6 లక్షలకూ మధ్య తేడా లేదని ఆయన అన్నట్టు.

ఆడిటర్ గారు ఆ భయాన్ని వడ్డీ రేటులో కలిపారు. ప్రభుత్వ బాండు రేటు 7, దాని మీద రిస్కుకు మరో 8, మొత్తం 15 శాతం. రిస్కు కలిపిన డిస్కౌంట్ రేటు అంటే ఇదే. బ్యాంకుల్లోనూ కంపెనీల్లోనూ ఎక్కువగా నడిచేది ఈ పద్ధతే, ఎందుకంటే ఒక్క రేటు ఎంచుకుంటే పని అయిపోతుంది. రాబడి విలువ 26.9 లక్షలు, ఖర్చు విలువ దాదాపు 2 లక్షలు, నికరంగా 25 లక్షల లోపు. అందుకే లక్ష నష్టం తేలింది.

చిక్కు ఆ అదనపు 8 శాతంలో ఉంది. అది ఏటా చక్రవడ్డీలా పేరుకుంటూ పోతుంది. 1.07ను 1.15తో భాగిస్తే 0.93 వస్తుంది. అంటే ఆడిటర్ గారి లెక్క ప్రకారం మొదటి ఏడాది రావలసిన 6 లక్షల్లో 93 శాతం మాత్రమే ఖాయమైన డబ్బుతో సమానం. ప్రతి ఏడాదీ ఆ శాతం మళ్లీ 0.93తో గుణించుకుంటూ తగ్గుతుంది. నాలుగో ఏడాదికి 75 శాతం, ఎనిమిదో ఏడాదికి 56 శాతం. ఎనిమిదో ఏడాది 6 లక్షలు ఖాయంగా వచ్చే 3.37 లక్షలతో సమానమని ఆ లెక్క చెబుతోంది. ఒకే రేటును అన్ని ఏళ్లకూ వాడితే రిస్కు ఏటా ఒకే దామాషాలో పెరుగుతుందని మనకు తెలియకుండానే ఒప్పుకున్నట్టని రాబిచెక్, మైయర్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 1966లోనే చూపించారు.

కొన్ని వ్యాపారాల్లో రిస్కు నిజంగానే అలా పెరుగుతుంది. కొత్త హోటల్ పెడితే ఎనిమిదో ఏటి గిరాకీని అంచనా వేయడం మొదటి ఏటి గిరాకీని అంచనా వేయడం కంటే చాలా కష్టం. అక్కడ 15 శాతం లాంటి రేటు తప్పు కాదు. మీ గిడ్డంగి సంగతి వేరు. పెద్ద అనుమానం ఒక్కటే, లీజు కుదురుతుందా లేదా అని. అది రెండు మూడు నెలల్లో తేలిపోతుంది. తేలిన తర్వాత మిగిలేది కంపెనీ మధ్యలో ఖాళీ చేస్తుందేమోనన్న చిన్న అనుమానం. మొదటి నాలుగేళ్లు దానికీ పెద్దగా తావులేదు. మూడు నెలల్లో తీరిపోయే భయానికి ఎనిమిదేళ్ల పాటు ఏటా కొత్తగా కోత వేయడం సబబు కాదు.

ఇలాంటి చోట నేను వాడేది సర్టెంటీ ఈక్వివలెంట్ పద్ధతి. ఇందులో రిస్కును రేటులోంచి తీసి, డబ్బు మొత్తంలోనే సరిచేస్తాం. ఏ ఏటికాయేడు ఒకే ప్రశ్న వేసుకోవాలి: అనుమానంతో కూడిన ఈ డబ్బుకు బదులు ఎవరైనా ఖాయంగా ఎంత ఇస్తే తీసుకుని ఊరుకుంటాను? ఆ ఖాయపు మొత్తాన్ని 7 శాతంతోనే నేటి విలువకు తేవాలి. రిస్కును ఒకసారి మొత్తంలో తగ్గించాం కనుక రేటులో మళ్లీ కలపకూడదు. తగ్గించిన మొత్తాల మీద 15 శాతం కూడా వేసిన లెక్కలు తరచూ నా దగ్గరికి వస్తుంటాయి. అది ఒకే భయానికి రెండుసార్లు చెల్లించడం.

ఆ ఖాయపు మొత్తం మీ నోటి నుంచే రావాలి. ఇలా చేయండి. 80 శాతం 7 లక్షలు, 20 శాతం 2 లక్షలు వచ్చే వాటా మీ చేతిలో ఉందనుకోండి. దానికి బదులు ఎనిమిదేళ్ల పాటు ఏటా 5.8 లక్షలు ఖాయంగా ఇస్తామంటే? వెంటనే ఒప్పుకుంటారనుకుంటాను. 5 లక్షలు అంటే? ఆలోచిస్తారు. ఎక్కడ ఎటూ తేల్చుకోలేకపోతారో అదే మీ అంకె. ఒక్క సంగతి మరవకండి: ఇక్కడ ఏటా విడిగా బొమ్మా బొరుసా వేయడం లేదు. లీజు చేజారితే ఎనిమిదేళ్లూ 2 లక్షలే. మంచి ఏడాది చెడ్డ ఏడాదిని పూడ్చదు. కాబట్టి ఒక్క ఏటి సంగతి అనుకుని కాకుండా, మొత్తం ఎనిమిదేళ్లనూ కళ్ల ముందు పెట్టుకుని జవాబు చెప్పండి.

లెక్క ముందుకు సాగడానికి నేను మొదటి నాలుగేళ్లకు 5.4 లక్షలు తీసుకున్నాను. అంటే 6 లక్షల్లో 90 శాతం. ఖాళీ చేసే హక్కు కంపెనీకి వచ్చే తర్వాతి నాలుగేళ్లకు 85 శాతం, అంటే 5.1 లక్షలు. వీటిని 7 శాతంతో నేటి విలువకు తెస్తే మొత్తం 31.5 లక్షలు. ఒకే రేటుతో ఇదే విలువ రావాలంటే సుమారు 10.5 శాతం వాడాలి. లీజు రాబడికి 15 శాతం ఎంత బరువో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక చివరి ఏటి ఖర్చు. చాలామంది లెక్కలు దెబ్బతినేది ఇక్కడే. ఆడిటర్ గారు దీనికీ 15 శాతమే వాడారు. అంటే ఎనిమిదో ఏటి 6 లక్షల ఖర్చు కూడా ఆయన లెక్కలో ఖాయమైన 3.37 లక్షలతో సమానమైంది. దీని అర్థం ఒకసారి గమనించండి. ‘ఆ రోజు 3.37 లక్షలు ఇవ్వండి, ఖర్చు ఎంతైనా నేనే పెట్టుకుంటాను’ అనే మనిషి దొరకాలి. అన్నీ కలిసివచ్చినా ఆ ఖర్చు 4 లక్షలకు తగ్గదని మీరే రాశారు. అలాంటి మనిషి దొరకడు.

రాబడిలో అనుమానం ఉంటే దాని విలువ తగ్గాలి. ఖర్చులో అనుమానం ఉంటే ఆ భారం పెరగాలి. రేటు పెంచితే రెండూ తగ్గుతాయి, కాబట్టి ఖర్చు ఎంత అనిశ్చితంగా ఉంటే అంత చిన్నదిగా కనబడుతుంది. గిడ్డంగి అప్పగింతకైనా, గని మూసివేతకైనా, కోర్టు పరిహారానికైనా ఇదే వర్తిస్తుంది. మీ విషయంలో ఖర్చు 9 లక్షల దాకా పోవచ్చు. ఆ బెడద వదిలించుకోవడానికి ఆ రోజు 7 లక్షలు ఇవ్వడానికి మీరు సిద్ధపడతారని అనుకున్నాను. దాని నేటి విలువ 4.1 లక్షలు. ఆడిటర్ గారి లెక్కలో అది 2 లక్షలే. ఆయన రాబడిని అతిగా కోశారు, ఖర్చును అతిగా చిన్నది చేశారు. రెండు పొరపాట్లూ ఎదురెదురుగా ఉండడంతో తేడా కొంత కప్పబడిపోయింది.

31.5లోంచి 4.1 తీస్తే 27.4 లక్షలు. మీరు పెట్టేది 26. లాభం 1.4 లక్షలు.

ఈ 1.4 లక్షలు చూసి సంతకం పెట్టకండి. నేను తీసుకున్న 90, 85 శాతాలను 85, 80కి తగ్గిస్తే లాభం పోయి దాదాపు 40 వేల నష్టం తేలుతుంది. ఈ పద్ధతికి ఉన్న అసలైన లోపం ఇదే. ఆ శాతాలకు మార్కెట్‌లో దొరికే ధర ఏదీ లేదు, అవి మీ మనసులోంచి రావాలి. ఆడిటర్ గారి పద్ధతిలో 15 శాతాన్ని కనీసం అలాంటి వ్యాపారాల్లో నడిచే రేట్లతో పోల్చి చూసుకోవచ్చు. కానీ ఈ పద్ధతి ఏ అంకె దగ్గర నిర్ణయం తిరగబడుతోందో దాచకుండా చూపిస్తుంది. మీ విషయంలో అది లీజు కుదరడం దగ్గరే ఉంది.

ఆ ఒక్క విషయాన్ని విడదీసి చూడండి. లీజు కుదరకపోతే ఏటా 2 లక్షల చొప్పున 8 ఏళ్ల విలువ 12 లక్షలు, అందులోంచి అప్పగింత ఖర్చు పోతే 8 లక్షల లోపే. 26 లక్షలు పెట్టి 18 లక్షలు పోగొట్టుకున్నట్టు. లీజు కుదిరాక అయితే రాబడి 7 లక్షలు, మిగిలేది చిన్న అనుమానమే. మొదటి నాలుగేళ్లకు 95 శాతం, తర్వాత 90 శాతం తీసుకుంటే, ఖర్చు పోను విలువ 34.7 లక్షలు, అంటే 8.7 లక్షల లాభం.

అందుకని డబ్బు ఇప్పుడే కట్టకుండా, లీజు రిజిస్టరయిన రోజు ఇస్తానని మీ బావమరిదితో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. అలా ఆగినందుకు ఆయన 26కు బదులు 28 లక్షలు అడిగినా ఒప్పుకోండి, అప్పటికీ 6.7 లక్షలు మిగులుతాయి. ముందే కట్టాలని పట్టుబడితే వాటా వదులుకోండి. ఏడాదికి మించిన లీజును చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే కాబట్టి ఉత్తి ఉత్తరం, అంగీకార పత్రం చూపిస్తే డబ్బు ఇవ్వకండి. పత్రం చేతికి వచ్చాక, నాలుగేళ్లు లీజు రద్దు చేయకూడదన్న షరతు మీ వైపుకే కాక కంపెనీ వైపుకు కూడా వర్తించేలా రాశారో లేదో చదవండి. అది లేకపోతే మొదటి ఏటి నుంచే 90 శాతం వేసి లెక్క మళ్లీ కట్టాలి.