తారీఖు, కబురు

ప్రశ్న: తారీఖు అంటే తేదీ కదా! 'తబరీ తారీఖు' అన్న పేరును అందరూ 'తబరీ చరిత్ర' అని రాస్తున్నారు. తేదీ చరిత్ర ఎలా అయింది? పాత అరబ్బీ చరిత్రలన్నిటినీ తారీఖులు అనవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

సమాధానం: తారీఖు మూలం చంద్రుడి దగ్గర ఉందమ్మా. హీబ్రూలో 'యారేహ్' అంటే చంద్రుడు, 'యెరహ్' అంటే నెల. దక్షిణ అరేబియా శాసనాల్లో 'వర్ఖ్' అన్నా నెలే. పారసీకంలోని 'మాహ్-రోజ్' (నెల-రోజు) నుంచి పుట్టిందని పాత పండితులు కొందరు అన్నారు. వినడానికి బాగుంది కానీ, భాషాశాస్త్రం ముందు నిలవదు. ఒక సంగతికి కాలం కట్టడమే తారీఖు అసలు అర్థం. అలా కాలం కట్టి రాసిన పుస్తకానికీ ఆ పేరే వచ్చింది. మన కోర్టు తారీఖు, జీతాల తారీఖు మొదటి అర్థంలోనే ఆగాయి.

తబరీ (మరణం 923) మహమ్మద్ ప్రవక్త మక్కా నుంచి మదీనాకు వెళ్లిన హిజ్రా దగ్గర్నుంచి కథను ఏడాదికొక అధ్యాయంగా నడిపాడు. ఆయన దగ్గర ఇంకో మాట ఉంది, అది కూడా మనింట్లో మాటే: 'ఖబర్'. మన కబురు అదే. తబరీ కథ అల్లడు, కబుర్లు పేరుస్తాడు. ప్రతి కబురు ముందూ ఫలానావాడు ఫలానావాడి నుంచి విన్నాడంటూ తెచ్చినవాళ్ల వరస ఉంటుంది. ఇందులో ఏదైనా మీకు నచ్చకపోతే అది నా నుంచి వచ్చింది కాదు, నాకు చేరవేసినవాళ్ల నుంచి వచ్చింది అని ముందుమాటలోనే చెప్పాడు. మన అనువాదకులు 'ఖబర్'ను 'నివేదిక' చేసి పారేస్తుంటే నాకు కష్టంగా ఉంటుంది. నివేదికకు ఆఫీసు వాసన ఉంది. కబురుకు తెచ్చిన మనిషి ఉంటాడు. ఆ మనిషిని చూడకుండా అరబ్బీ చరిత్రను తూచలేం.

సిరియాలో అరబ్బుల చేతిలో రోమన్ సేన ఓడిపోయిన యర్మూక్ యుద్ధం సంగతి చూడండి. తబరీ దాని పెద్ద కథను హిజ్రీ 13వ ఏట పెట్టాడు, ఎందుకంటే ఆ కబురు తెచ్చిన సైఫ్ ఆ ఏడాదే చెప్పాడు. తబరీకి ముందటి చరిత్రకారులు ఇబ్న్ ఇస్హాక్, వాఖిదీ మాత్రం 15వ ఏడు అన్నారు. తబరీ ఆ తేడా కూడా రాసి పెట్టాడు, దాచలేదు. సైఫ్ లెక్కలో యర్మూక్ తర్వాత డమాస్కస్ పడింది. మిగతా ఇద్దరి లెక్కలో డమాస్కసే ముందు, 14లో.

ఏది నమ్మాలి? ఏళ్ల వరసలో ఉంది కాబట్టి తేదీ గట్టిదే అనుకోకూడదు. హిజ్రీ శకం వాడుకలోకి వచ్చిందే ఖలీఫా ఉమర్ కాలంలో, 17వ ఏడు ప్రాంతంలో. అంటే యర్మూక్ నాటికి ఆ ఏళ్ల అంకెలే లేవు, తర్వాతివాళ్లు వెనక్కి లెక్కగట్టి అతికించారు. అందుకని చరిత్రకారులు ఆ వరసకు బయటి సాక్ష్యం వెతికారు. లండన్‌లో ఉన్న ఒక సిరియాక్ సువార్త ప్రతిలో, మొదటి పేజీ మీద ఎవరో యుద్ధం గురించి రాసుకున్న చీటీ లాంటి రాత ఉంది. అక్షరాలు సగం చెరిగిపోయాయి. గబీతా అనే చోటు, ఆగస్టు 20, గ్రీకుల శకం 947 అని చదవగలిగారు. అది క్రీ.శ. 636. హిజ్రీ లెక్కలో 15వ ఏడు రజబ్ నెల, అంటే వాఖిదీ చెప్పిన నెలే. ఆ రాత యర్మూక్ గురించేనని ఎక్కువమంది ఒప్పుకున్నారు. కథ చెప్పడంలో సైఫ్ దిట్ట కావచ్చు, ఏళ్ల విషయంలో ఆయన మీద ఆనుకోలేం.

విషయాల వారీగా రాసిన బలాదురీకి (మరణం సుమారు 892) చిక్కు వేరు. ఆయన దేశాల జయాలను ఊరూరికీ విడదీసి రాశాడు. డమాస్కస్‌లోకి అరబ్బు సేనానుల్లో ఖాలిద్ సంధి చేసుకుని వచ్చాడనీ, అబూ ఉబైదా పోరాడి వచ్చాడనీ ఒక కబురు. కబుర్లు చెప్పిన ఇంకొకడు, అబూ మిఖ్నఫ్, దీన్ని తిరగేసి చెప్పాడు. మొదటిదే గట్టిదని బలాదురీ తేల్చాడు. ఊరు సంధితో దక్కిందా, కత్తితోనా అన్నదాని మీద పన్నుల తగవు, చర్చిల తగవు ఆధారపడేవి. కాబట్టి ఇక్కడ ఏడాది కన్నా, ఆ కబురు ఎవరికి పనికొచ్చిందన్నది ముందు అడగాలి.

తబరీనే ఆధారం చేసుకున్న ఇబ్న్ అల్ అసీర్ (1160–1233) ఒకే సంఘటన నెలనెలా ముక్కలై అర్థం కావడం లేదని విసుక్కున్నాడు. ఏళ్ల వరస ఉంచుతూనే ఒక్కో సంఘటనను ఒకచోట కూర్చాడు, కబురు తెచ్చినవాళ్ల పేర్లు తీసేశాడు. చదవడానికి హాయిగా ఉంటుంది. నాకైతే ఆ పేర్లు పోవడం ఇష్టం లేదు.

ఇక మీ రెండో ప్రశ్న. ఏళ్ల వరసలో నడిచేదానికే తారీఖు అనండి అనాలని ఉంది. కానీ యాఖూబీ అనే ఇంకో పాత చరిత్రకారుడు తన తారీఖును ఏళ్ల వారీగా కాక పాలకుల వారీగా రాశాడు, పేరు మాత్రం అదే. కనుక పుస్తకం పేరులో 'చరిత్ర' అని రాస్తే తప్పనను. లోపల మాత్రం 'ఏటివారీ చరిత్ర', 'విషయవారీ చరిత్ర' అని విడమరచండి, ఖబర్‌ను కబురు అనే రాయండి.